వరద వచ్చాక చదివే నిబంధన: ఫోర్స్ మెజ్యూర్ క్లాజును ఎలా రాయాలి?

తన అదుపులో లేని విపత్తు వల్ల ఒప్పందాన్ని నెరవేర్చలేకపోయిన పక్షానికి రక్షణ ఇచ్చేది ఫోర్స్ మెజ్యూర్ నిబంధన. వ్యాపార ఒప్పందాల్లో ఇది సాధారణంగా చివరి పేజీల్లో, మధ్యవర్తిత్వానికీ నోటీసు చిరునామాలకూ నడుమ ఎక్కడో ఉంటుంది. ధర, గడువు, నాణ్యత గురించి వారాల తరబడి బేరమాడిన ఇరుపక్షాలూ దీన్ని మాత్రం పాత ఒప్పందం నుంచి యథాతథంగా తెచ్చి అతికిస్తారు. అతికించేటప్పుడు చూసుకునేది ఒక్కటే, భూకంపం, వరద, యుద్ధం, మహమ్మారి వంటి ఘటనల జాబితా పొడవుగా ఉందా లేదా అని. వివాదాలు కోర్టుకో ఆర్బిట్రేటరు ముందుకో వెళ్లినప్పుడు మాత్రం ఓటమి చాలాసార్లు జాబితా దగ్గర జరగదు. ఘటనకూ ఒప్పంద భంగానికీ మధ్య లంకె వేసే క్రియాపదం దగ్గర, నోటీసు గడువు దగ్గర, అప్పటికే ఇచ్చిన అడ్వాన్సు గురించి ఏమీ రాయకుండా వదిలేసిన చోట జరుగుతుంది.

భారతీయ చట్టంలో ఈ రాతకు ఇంత బరువు రావడానికి కారణం ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం కుదిరాక దాన్ని నెరవేర్చడం అసాధ్యమైతే ఒప్పందం చెల్లకుండా పోతుంది. ఈ అసాధ్యం అన్నది భౌతికంగా అసాధ్యం కావడమే కానక్కర్లేదని, ఒప్పందపు పునాదినే కదిలించే మార్పు వచ్చినా చాలునని సుప్రీంకోర్టు సత్యబ్రత ఘోష్ కేసులో 1954 నాటికే చెప్పింది. అయితే ఆ కేసులో కూడా యుద్ధకాలంలో స్థలాన్ని ప్రభుత్వం తాత్కాలికంగా స్వాధీనం చేసుకున్నంత మాత్రాన ఒప్పందం కూలిపోలేదనే తేల్చింది. 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో అదే కోర్టు మరింత స్పష్టత ఇచ్చింది. ఒప్పందంలోనే ఫోర్స్ మెజ్యూర్ నిబంధన ఉంటే విషయం 32వ సెక్షన్ కిందకు, అంటే ఇరుపక్షాలూ తామే రాసుకున్న షరతుల కిందకు వస్తుంది. నిబంధన తాకని సందర్భానికి మాత్రమే 56వ సెక్షన్ మిగులుతుంది. పైగా ఆ సెక్షన్ ఇచ్చే ఫలితం ఒక్కటే, ఒప్పందం మొత్తం రద్దు. గడువు పొడిగింపు, పాక్షిక సరఫరా, జరిమానా నిలుపుదల వంటి మధ్యేమార్గాలేవీ అందులో లేవు. అవి కావాలనుకుంటే రాసుకోవాల్సిందే.

ఒక ఒప్పందం, ఒక వరద

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు మునిగిన సంగతి తెలిసిందే. అదే సమయంలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్ హైవే మీద వాహనాలు నిలిచిపోయాయి, మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఈ నిజమైన వరద మీద ఒక ఊహా ఒప్పందాన్ని నిలబెట్టి చూస్తే నిబంధనలోని ఒక్కో మాటకు ఎంత విలువో తెలుస్తుంది.

సింగ్‌నగర్ వైపు ఉన్న ఒక అట్టపెట్టెల కార్ఖానా, హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీకి 2024 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు నెలకు 40,000 పెట్టెలు, ఒక్కోటి 25 రూపాయల చొప్పున, ప్రతి నెలా 25వ తేదీకల్లా పంపాలి. సరుకు అందిన 30 రోజుల్లో కంపెనీ బిల్లు చెల్లించాలి. మొదట్లోనే కంపెనీ 6 లక్షల రూపాయల అడ్వాన్సు ఇచ్చింది. దాన్ని నెలకు 50,000 చొప్పున బిల్లుల్లో తగ్గించుకుంటూ పోతోంది. ఆలస్యమైన సరుకు విలువ మీద వారానికి ఒక శాతం జరిమానా, గరిష్ఠంగా పది శాతం. ఆగస్టు 25 నాటికి కార్ఖానా 32,000 పెట్టెలే పంపింది, 8,000 బాకీ పడింది. వారం తిరగకుండానే వరద వచ్చింది. ఆగస్టు బిల్లులో కోత కూడా పోగా అడ్వాన్సులో ఇంకా 3,50,000 రూపాయలు మిగిలి ఉన్నాయి. కార్ఖానాలో మోటార్లు, గోదాములోని కాగితం రీళ్లు నీట మునిగాయి. అక్టోబరు 25న మూడో వంతు ఉత్పత్తి మొదలైంది.

జాబితాలో ఏముండాలి, ఏముండకూడదు

జాబితా రాసేటప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు ‘ఊహించలేని’ అనే విశేషణం. చాలా నమూనాల్లో "ఒప్పందం నాటికి ఊహించలేని ఘటన" అని ఉంటుంది. విజయవాడ కార్ఖానాకు ఈ మాట ఉరితాడు అవుతుంది. బుడమేరు 2005లోనూ ముంచింది, దాన్ని బెజవాడ దుఃఖదాయని అనడం అక్కడ కొత్త కాదు. అలాంటి చోట గోదాము పెట్టుకుని వరదను ఊహించలేదంటే ఎలా అని కొనుగోలుదారు తరఫు వకీలు అడుగుతాడు, అడగడంలో న్యాయమూ ఉంది. గోదావరి జిల్లాల్లో తుపాను, రాయలసీమలో కరవు, హైదరాబాద్ లోతట్టు ప్రాంతాల్లో కుండపోత, ఇవన్నీ ఊహించగలిగినవే. అందుకే పరీక్షను ఊహ మీద కాకుండా నివారణ మీద నిలబెట్టడం మేలు. "బాధిత పక్షం అదుపులో లేనిది, తగిన జాగ్రత్త తీసుకున్నా నివారించలేనిది, అధిగమించలేనిది" అని రాస్తే, వరద రావచ్చని తెలిసినా రక్షణ నిలుస్తుంది. అదే సమయంలో కాగితం రీళ్లను నేలమీదే ఎందుకు ఉంచారన్న ప్రశ్నకూ చోటు ఉంటుంది.

రెండో చిక్కు జాబితా చివర తగిలించే "ఇంకా ఇతర ఏ కారణమైనా" అనే తోక. ఇది అన్నిటినీ పట్టే వల అని రాసేవారు భావిస్తారు. కోర్టులు మాత్రం ముందున్న పేర్లన్నీ ఒకే జాతివైతే ఈ తోకను కూడా ఆ జాతికే కుదించి చదివే అవకాశం ఉంది. భూకంపం, తుపాను, వరద అని రాసి ఆ తోక పెడితే, ప్రభుత్వ నిషేధాజ్ఞ అందులోకి వస్తుందా అన్నది వాదనకు తెరలేపుతుంది. కోవిడ్ కాలంలో ఈ తేడా కళ్లకు కట్టింది. మహమ్మారి ఒక ఘటన, దాని కారణంగా ప్రభుత్వం విధించిన లాక్‌డౌన్ ఇంకో ఘటన. కార్ఖానాను మూయించింది చాలాచోట్ల రెండోదే. కాబట్టి ప్రభుత్వ ఉత్తర్వులను విడిగా పేర్కొనాలి. అయితే వాటికొక మినహాయింపు జోడించాలి. కాలుష్య నియంత్రణ మండలి షరతులు పాటించనందుకు మూసివేత ఉత్తర్వు వస్తే అది సొంత తప్పే కానీ ఫోర్స్ మెజ్యూర్ కాదు. సమ్మె విషయమూ ఇంతే. లారీ యజమానుల రాష్ట్రవ్యాప్త సమ్మెకు రక్షణ ఇవ్వడం సబబు. జీతాలు ఇవ్వక సొంత కార్మికులు చేసే సమ్మెకు ఇవ్వడం సబబు కాదు.

ఏవి జాబితాలోకి రావో చెప్పడమే ఒక్కోసారి ఎక్కువ పనిచేస్తుంది. ఎనర్జీ వాచ్‌డాగ్ వ్యాజ్యానికి మూలం, ఇండోనేషియా ప్రభుత్వం 2010లో తెచ్చిన నియమాలతో అక్కడి బొగ్గు ధర పెరగడం. ఆ బొగ్గు మీద ఆధారపడిన విద్యుత్ కంపెనీలు దాన్ని ఫోర్స్ మెజ్యూర్ అన్నాయి. వాళ్ల ఒప్పందాల్లోనే ఇంధన ధరలో మార్పును మినహాయింపుగా స్పష్టంగా రాశారు. సుప్రీంకోర్టు ఆ మినహాయింపును పట్టుకుంది, ధర పెరిగి భారమైనంత మాత్రాన నెరవేర్చడం అసాధ్యం కాదని చెప్పింది. అట్టపెట్టెల ఒప్పందంలో కూడా క్రాఫ్ట్ కాగితం ధర, డీజిల్ ధర, రూపాయి విలువ, డబ్బు చేతిలో లేకపోవడం ఇవేవీ ఫోర్స్ మెజ్యూర్ కావని రాసి పెట్టడం ఇద్దరికీ మంచిది. ధరల సర్దుబాటు కావాలంటే దానికి వేరే నిబంధన ఉండాలి. ఈ రెంటినీ కలిపిన ముసాయిదాలు ఏ పనికీ అక్కరకు రావు.

ఉప సరఫరాదారు చేయిచ్చిన సందర్భం గురించి ఒక్క వాక్యం చాలు: ఆ ఉప సరఫరాదారుకు తగిలిన దెబ్బ కూడా ఇదే జాబితాలోని ఘటన అయి ఉండాలి, అదే సరుకు సమంజసమైన సమయంలో వేరేచోట దొరకకపోయి ఉండాలి.

లంకె వేసే మాట

జాబితా ఎంత బాగున్నా అది తలుపు మాత్రమే. ఘటన జరిగిందని రుజువైనంత మాత్రాన రక్షణ రాదు. ఆ ఘటన వల్లే బాధ్యత నెరవేరలేదని చూపాలి. ఇక్కడ రాసే క్రియాపదం ఫలితాన్ని తేలుస్తుంది. "నెరవేర్చకుండా అడ్డుకున్న" అని రాస్తే ప్రమాణం కఠినం. వేరే దారి, అది ఖరీదైనదే అయినా, ఉన్నంతవరకు అడ్డుకున్నట్టు కాదు. "అడ్డుకున్న లేదా ఆలస్యం చేసిన" అని రాస్తే తాత్కాలిక ఇబ్బందికీ చోటు దొరుకుతుంది. "కష్టతరం చేసిన" అని కూడా చేరిస్తే తలుపు బార్లా తెరిచినట్టే. ఐతవరం దగ్గర రోడ్డు తెగిన రోజున కార్ఖానా మునగకుండా, సరుకు సిద్ధంగా ఉండి ఉంటే ఏమయ్యేది? చుట్టుదారి లారీ కిరాయి రెట్టింపు అయ్యేది. మొదటి మాట ప్రకారం రక్షణ లేదు. రెండో మాట ప్రకారం దారి తెరుచుకునేదాకా రక్షణ ఉంటుంది. మూడో మాట ప్రకారం కిరాయి పెరగడమే కారణంగా చూపి వాదించవచ్చు. సరఫరా ఒప్పందాలకు రెండో మాటే తగినదని చెప్పవచ్చు.

ఇంకో జాగ్రత్త, ఘటనకు ముందే మొదలైన ఒప్పంద భంగం. ఢిల్లీ హైకోర్టు 2020 మే నెలలో హాలిబర్టన్, వేదాంత కంపెనీల కేసులో 2019 సెప్టెంబరు నుంచే పని వెనకబడిన కాంట్రాక్టరుకు ఆ పాత ఆలస్యానికి కోవిడ్ సాకు కాదని చెప్పింది. మన ఉదాహరణలో 8,000 పెట్టెలు ఈ కోవలోకే వస్తాయి. ఆగస్టు 25న పంపి ఉంటే వాటికి వరద తగిలేదే కాదు. నిబంధనలో "ఘటన మొదలయ్యే నాటికే గడువు దాటిన బాధ్యతలకు ఈ రక్షణ వర్తించదు" అని ఒక్క వాక్యం ఉంటే ఆ 8,000 పెట్టెల మీద వారానికి ఒక శాతం చొప్పున జరిమానా నడుస్తూనే ఉంటుంది. వాటి విలువ 2 లక్షలు, కాబట్టి గరిష్ఠ జరిమానా 20,000 రూపాయలు. సెప్టెంబరు, అక్టోబరు నెలల సరుకుకు మాత్రం జరిమానా ఉండదు. ఆ వాక్యం లేకపోతే ఈ లెక్క తేలడానికే ఒక ఆర్బిట్రేషన్ పడుతుంది.

నష్టాన్ని తగ్గించే ప్రయత్నం గురించి కూడా రాయడం ఆనవాయితీ. అయితే "సమంజసమైన ప్రయత్నాలు" అన్న మాట ఎక్కడిదాకా పోతుంది? 2024 మే నెలలో బ్రిటన్ సుప్రీంకోర్టు దీన్ని ఒక ఓడ రవాణా ఒప్పందంలో తేల్చింది. గినియా నుంచి ఉక్రెయిన్‌కు బాక్సైట్ తరలించే ఆ ఒప్పందంలో డబ్బు అమెరికన్ డాలర్లలో చెల్లించాలి. 2018లో అమెరికా ఆంక్షలు వచ్చాయి. డాలర్ల చెల్లింపు చిక్కులో పడటంతో సరుకు కంపెనీ యూరోల్లో చెల్లిస్తానని, మారకపు నష్టం కూడా తానే భరిస్తానని ముందుకొచ్చింది. ఓడ కంపెనీ ఒప్పుకోలేదు. ఒప్పందంలో లేని పద్ధతిని స్వీకరించడం సమంజసమైన ప్రయత్నంలోకి రాదని కోర్టు ఓడ కంపెనీ పక్షానే నిలిచింది. ఇంగ్లండ్ తీర్పులు మనకు కట్టుబడి పాటించాల్సినవి కావు, కానీ ముసాయిదా రాసేవారికి సందేశం సూటిగా ఉంది. ప్రత్యామ్నాయం కావాలనుకుంటే దాన్ని పేరుపెట్టి రాయాలి. "గుంటూరులోని వేరే యూనిట్‌లో తయారుచేయించిన పెట్టెలను, నాణ్యత ఒకటే అయితే, కొనుగోలుదారు స్వీకరించాలి" అని ముందే రాసి ఉంటే సెప్టెంబరులో బేరాలాడే పని ఉండదు. అలాగే ఉత్పత్తి పాక్షికంగా మొదలైనప్పుడు మూడో వంతు సరుకును అందరు ఖాతాదారులకూ వారి వారి పరిమాణాల నిష్పత్తిలో పంచాలని రాయాలి. లేకపోతే ఎక్కువ ధర ఇచ్చేవాడికి ముందు వెళ్తుంది, మిగతావాళ్లకు వరద కథ వినిపిస్తుంది.

నోటీసు

నోటీసు గురించి రాసేటప్పుడు ఇద్దరి అవసరాలనూ చూడాలి. కొనుగోలుదారుకు కావలసింది వివరాలు కావు, వేగం. సరుకు రాదని మూడో రోజుకే తెలిస్తే వేరేచోట ఆర్డరు పెట్టుకుంటాడు. సరఫరాదారుకు కావలసింది ఊపిరి తీసుకునే వ్యవధి. నడుంలోతు నీళ్లలో, కరెంటు లేక, ఫోను టవర్లు పనిచేయని చోట ఏడు రోజుల్లో పూర్తి నష్టం అంచనా పంపమనడం కాగితం మీదే బాగుంటుంది. అందుకని నోటీసును రెండు విడతలుగా రాయడం ఆచరణయోగ్యం. ఆ వాక్యం ఇలా ఉండవచ్చు:

"బాధిత పక్షం ఘటన గురించి తెలిసి, సమాచారం పంపగల స్థితికి వచ్చిన 3 రోజుల్లోగా ఈమెయిల్ లేదా వాట్సాప్ ద్వారా ఘటన స్వభావాన్ని, దెబ్బతిన్న బాధ్యతలను తెలియజేయాలి. ఆ మొదటి సమాచారం పంపిన 21 రోజుల్లోగా నష్టం వివరాలు, పునరుద్ధరణకు పట్టే అంచనా సమయం, చేపడుతున్న చర్యలు, ఆధారాలతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఘటన కొనసాగినంత కాలం 15 రోజులకోసారి పరిస్థితిని తెలపాలి."

ఇందులో "పంపగల స్థితికి వచ్చిన" అన్న మాట చిన్నదే అయినా సెప్టెంబరు 1న ఇంటి డాబా మీద చిక్కుకున్న యజమాని 4వ తేదీన బంధువుల ఇంటి నుంచి పంపిన మెయిల్‌ను ఇదే కాపాడుతుంది. వాట్సాప్ చెల్లుతుందని రాసినప్పుడు ఏ నంబరుకు, ఎవరి పేరున అన్నది ఒప్పందం అనుబంధంలో ఉండాలి. కొనుగోలు విభాగంలో ఉద్యోగం మానేసిన వ్యక్తి నంబరుకు వెళ్లిన సందేశం నోటీసు కాదన్న వాదన చాలా తేలిగ్గా పుడుతుంది. ఆధారాలేమిటో కూడా పేర్కొనవచ్చు: వాతావరణ శాఖ బులెటిన్, తహసీల్దారు ధ్రువపత్రం, విద్యుత్ సరఫరా నిలిపివేత సమాచారం, బీమా సర్వేయరు నివేదిక, తేదీతో ఉన్న ఫొటోలు. జాబితా రాస్తున్నాం కదా అని అవన్నీ తప్పనిసరి చేస్తే మళ్లీ అదే ఇబ్బంది, కాబట్టి "వీటిలో అందుబాటులో ఉన్నవి" అంటే సరిపోతుంది.

నోటీసు ఆలస్యమైతే ఏమవుతుంది? కేంద్ర ఆర్థిక శాఖ 2017 నాటి వస్తు సేకరణ మాన్యువల్ ఘటన జరగగానే నోటీసు ఇవ్వాలని, తరువాత ఎప్పుడో వెనక్కి వెళ్లి రక్షణ కోరలేమని చెబుతుంది. 2020 ఫిబ్రవరిలో కరోనాను ప్రకృతి విపత్తుగా పరిగణించవచ్చని చెప్పిన ఉత్తర్వులోనూ ఆ శాఖ ఈ మాటను గుర్తుచేసింది. ప్రైవేటు ఒప్పందాల్లో చాలామంది "గడువులోగా నోటీసు ఇవ్వకపోతే రక్షణ మొత్తం పోతుంది" అని రాస్తారు. ఇది చాలా కటువైన శిక్ష, వాదనకూ ఆస్కారమిస్తుంది. 1997లో సవరించిన కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ఒక గడువు ముగియగానే హక్కును హరించే షరతులను చెల్లవంటుంది, దాని ఆధారంగా ఈ వాక్యాన్ని సవాలు చేసే ప్రయత్నం ఎప్పుడూ ఉంటుంది. అంతకంటే పరిమితమైన ఫలితం రాసుకోవడం న్యాయంగానూ ఉంటుంది, నిలబడే అవకాశమూ ఎక్కువ. "నోటీసు ఆలస్యమైతే, రక్షణ నోటీసు అందిన రోజు నుంచే మొదలవుతుంది, అంతకు ముందు రోజులకు జరిమానా వర్తిస్తుంది" అంటే ఆలస్యం చేసినవాడు ఆలస్యానికి తగినంతే నష్టపోతాడు.

డబ్బు సంగతి

అన్నిటికంటే తక్కువగా రాసేది, అన్నిటికంటే ఎక్కువగా కొట్లాడుకునేది ఇదే. అంతర్జాతీయ నిర్మాణ ఒప్పందాల్లో వాడే ఫిడిక్ నమూనా 1999 కూర్పులో చెల్లింపు బాధ్యతకు ఫోర్స్ మెజ్యూర్ వర్తించదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యం మంచిదే, కానీ సరిపోదు, ఎందుకంటే ఒప్పందంలో డబ్బు ఒకే రకంగా ఉండదు.

మొదటిది అప్పటికే అందుకున్న సరుకు బిల్లు. ఆగస్టులో వచ్చిన 32,000 పెట్టెల విలువ 8 లక్షలు, అందులో అడ్వాన్సు కోత 50,000 పోగా 7,50,000 రూపాయలు సెప్టెంబరు 24కల్లా కట్టాలి. విజయవాడ మునిగినందువల్ల హైదరాబాద్ కంపెనీ ఈ డబ్బు ఆపడానికి ఏ కారణమూ లేదు. పైగా కార్ఖానా మళ్లీ లేచి నిలబడాలంటే ఆ సమయంలో కావలసింది ఈ డబ్బే. కొన్ని కంపెనీలు "సరఫరా సాధారణ స్థితికి వచ్చేదాకా చెల్లింపులు నిలిపివేస్తున్నాం" అని మెయిల్ పంపుతుంటాయి. అలాంటి మెయిల్‌కు జవాబుగా చూపడానికి ఒక వాక్యం ఉండాలి: "ఘటనకు ముందు సరఫరా అయిన సరుకుకు చెల్లింపు ఏ పరిస్థితిలోనూ ఆగదు. బ్యాంకింగ్ వ్యవస్థ స్తంభించినప్పుడు మాత్రం అది తిరిగి పనిచేసిన తరువాత 3 పని దినాల వరకు గడువు పెరుగుతుంది."

రక్షణ ఎవరికన్నదీ ఇక్కడే చూసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు ముందుకు వచ్చిన ఉక్కు దిగుమతిదారులు లాక్‌డౌన్ కారణంగా తమ ఒప్పందం నెరవేర్చలేమని, విక్రేతకు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ అయిన లెటర్ ఆఫ్ క్రెడిట్ కింద డబ్బు చెల్లించకుండా బ్యాంకులను ఆపమని కోరారు. వాళ్ల ఒప్పందంలో ఫోర్స్ మెజ్యూర్ రక్షణ విక్రేతకు మాత్రమే రాసి ఉంది, సరుకు అప్పటికే ఓడెక్కింది. కోర్టు ఊరట ఇవ్వలేదు. నమూనా పత్రాన్ని రాసింది ఏ పక్షమో చూడకుండా సంతకం పెడితే ఇలా అవుతుంది. "ఏ పక్షమైనా" అన్న రెండు మాటలు ఉన్నాయా లేదా అని సంతకానికి ముందు వెతకాలి.

రెండోది సరఫరా ఆగినా నడుస్తూ ఉండే స్థిర చెల్లింపులు. అట్టపెట్టెల ఒప్పందంలో అవి లేవు. కోల్డ్ స్టోరేజీ, గోదాము అద్దె, కనీస పరిమాణం కొంటానన్న హామీ ఉన్న చోట్ల మాత్రం ఇదే అసలు విషయం. కిరాయి ఒప్పందాలకు 56వ సెక్షన్ వర్తించదన్నది స్థిరపడిన సూత్రం. 2020 మే నెలలో ఢిల్లీ ఖాన్ మార్కెట్ దుకాణం కిరాయి వివాదంలో హైకోర్టు లాక్‌డౌన్ కాలానికి అద్దె మాఫీ ఇవ్వలేదు, కట్టడానికి కొంత వ్యవధి మాత్రం ఇచ్చింది. మాఫీ కావాలంటే ఒప్పందంలోనే ఉండాలి. ఎంత శాతం, ఏ రోజు నుంచి, సరుకు లోపలే ఉన్నప్పుడు కూడానా అన్నవి అంకెలతో రాయాలి.

మూడోది అడ్వాన్సు. ఒప్పందం ఆగిన నెలల్లో కోత కూడా ఆగుతుందా, కొనుగోలుదారు తిరిగి అడగగలడా? "నిలుపుదల కాలంలో అడ్వాన్సు సర్దుబాటు ఆగుతుంది, దాన్ని తిరిగి చెల్లించమని అడిగే హక్కు ఒప్పందం ముగిసినప్పుడే పుడుతుంది, అప్పటివరకు దానిమీద వడ్డీ ఉండదు" అంటే కార్ఖానాకు అక్టోబరు దాకా ఊపిరి దొరుకుతుంది. బదులుగా కొనుగోలుదారుకు, ఆ కాలంలో వేరేచోట కొన్న పెట్టెల సంఖ్యను ఒప్పంద పరిమాణంలోంచి తగ్గించుకునే హక్కు ఇవ్వాలి. వేరేచోట ఎక్కువ ధరకు కొన్న తేడాను మాత్రం సరఫరాదారు మీద వేయకూడదు. అది వేస్తే రక్షణ పేరుకే మిగులుతుంది. ఖాళీగా ఉన్న యంత్రాల ఖర్చు, కూలీల జీతాలు ఎవరివి వారే భరించాలన్నది సాధారణ పద్ధతి, రాసిపెడితే చాలు.

రద్దు ఎప్పుడు, లెక్క ఎలా

రద్దుకు రోజుల అంకె వేయడం తేలిక. ప్రభుత్వ సేకరణ మాన్యువల్‌లో 90 రోజులు, అంతర్జాతీయ వాణిజ్య మండలి అయిన ఐసీసీ 2020 నమూనాలో 120 రోజులు. ఫిడిక్ 1999 కూర్పులో వరుసగా 84 రోజులు లేదా విడివిడిగా మొత్తం 140 రోజులు. నిర్మాణానికి సరిపోయే అంకె మందుల పెట్టెలకు సరిపోదు. మాత్రలు తయారై అట్టపెట్టె లేక గోదాములో మూడు నెలలు కూర్చోలేవు. ఈ ఒప్పందానికి 60 రోజులు తగినవి అనుకుందాం. సెప్టెంబరు 1 నుంచి లెక్కిస్తే 60వ రోజు అక్టోబరు 30. కానీ అక్టోబరు 25నే మూడో వంతు ఉత్పత్తి మొదలైంది. నిబంధనలో "60 రోజులు సరఫరా నిలిచిపోతే" అని మాత్రమే ఉంటే, నిలిచిపోయింది 54 రోజులే అని కార్ఖానా అంటుంది. నెలకు 13,000 పెట్టెలు వస్తే నిలిచిపోయినట్టే లెక్క అని కంపెనీ అంటుంది. ఇద్దరి మాటా మాట్లాడదగినదే, అందుకే వాక్యం ఇలా ఉండాలి: "వరుసగా 60 రోజులు, లేదా ఏ ఆరు నెలల్లోనైనా విడివిడిగా మొత్తం 90 రోజులు, సరఫరా ఒప్పంద పరిమాణంలో సగానికంటే తక్కువగా ఉంటే, ఏ పక్షమైనా 14 రోజుల రాతపూర్వక నోటీసుతో ఒప్పందాన్ని ముగించవచ్చు." విడివిడి రోజుల లెక్క ఎందుకంటే, వరద తగ్గి వారం పనిచేసి మళ్లీ మునిగితే వరుస తెగిపోతుంది, కొనుగోలుదారు ఎప్పటికీ బయటపడలేడు.

ముగిసిన తరువాత లెక్క గురించి ప్రభుత్వ మాన్యువల్, ఏ పక్షం మీదా ఆర్థిక ప్రభావం లేకుండా ఒప్పందాన్ని ముగించవచ్చని అంటుంది. వినడానికి శుభ్రంగా ఉన్నా, తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది ఈ వాక్యం విడమరచి చెప్పదు. చెల్లకుండా పోయిన ఒప్పందం కింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ చెబుతుంది నిజమే. కానీ ఒప్పందంలోని హక్కుతో ముగించడం, చట్టం దృష్టిలో ఒప్పందం చెల్లకుండా పోవడం ఒకటేనా అన్న వాదన ఉండనే ఉంది. పైగా అడ్వాన్సుతో కొని పెట్టుకున్న సామగ్రి ఖర్చును అందులోంచి మినహాయించుకోవచ్చో లేదో ఆ సెక్షన్ ప్రస్తావించదు. ఈ ఖాళీని ఒప్పందమే పూరించాలి.

పూరిస్తే మన ఉదాహరణలో లెక్క ఇలా తేలుతుంది. కంపెనీ అక్టోబరు 31న నోటీసు ఇచ్చింది, నవంబరు 14తో ఒప్పందం ముగిసింది. ఆగస్టు బిల్లు ఇప్పటికే చెల్లించారు, చివర్లో వెళ్లిన చిన్న లాటు బిల్లు విడిగా చెల్లుతుంది. కార్ఖానా తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సు 3,50,000. గోదాములో నానిపోయిన కాగితం అడ్వాన్సు డబ్బుతోనే కొన్నదైనా అది కార్ఖానా సొత్తు, ఆ నష్టం బీమా కంపెనీతో తేల్చుకోవాల్సిందే కానీ కొనుగోలుదారు మీద వేసేది కాదు. పై అంతస్తులో తడవకుండా మిగిలిన, కంపెనీ పేరు అచ్చువేసిన అట్టలను మాత్రం ఇంకెవరికీ అమ్మలేరు. అలాంటి వాటిని ఉత్పత్తి ఖర్చుకు కొనుగోలుదారు తీసుకోవాలని నిబంధనలో ఉంది, వాటి ఖర్చు లక్ష రూపాయలు. మిగిలిన 2,50,000కు పాత 8,000 పెట్టెల మీద జరిమానా 20,000 కలిపితే కార్ఖానా కంపెనీకి చెల్లించాల్సింది 2,70,000 రూపాయలు. ఈ మొత్తాన్ని ఒకేసారి కట్టమంటే వరద మిగిల్చిన కార్ఖానా మూతపడుతుంది, అప్పుడు కంపెనీకి వచ్చేదీ ఉండదు. కాబట్టి వాయిదాల గడువును కూడా, 60 రోజులో 90 రోజులో, నోటీసు చిరునామా రాసినంత స్పష్టంగా ఇక్కడే రాసి పెట్టాలి. ఒప్పందం ముగిసినా ఈ లెక్కకు, రహస్య సమాచారానికి, వివాద పరిష్కారానికి సంబంధించిన నిబంధనలు కొనసాగుతాయన్న వాక్యం దాని కిందే ఉండాలి.